మెయిల్ థ్రెడ్‌ను ఒకే పీడీఎఫ్‌గా కట్టేటప్పుడు వరుస ఎక్కడ తప్పుతుంది?

క్లుప్తంగా: చివరి మెయిల్‌ను ప్రింట్ తీస్తే థ్రెడ్ మొత్తం వచ్చినట్టు కనిపిస్తుంది కానీ, పక్కకు చీలిన జవాబులు, అటాచ్‌మెంట్లు అందులో ఉండవు. కాలక్రమం కావాలంటే ప్రతి మెయిల్‌నూ విడిగా తీసుకుని, పంపిన సమయాలన్నిటినీ ఒకే గడియారంలోకి మార్చి, ఏ మెయిల్ అటాచ్‌మెంట్‌ను ఆ మెయిల్ వెనకే పెట్టాలి. పేజీలుగా మారలేని అటాచ్‌మెంట్లను అసలు ఫైళ్లుగానే జతచేయాలి. అసలు మెయిళ్లను, హెడర్లతో సహా ఉన్నదున్నట్టు దాచే `.eml` రూపంలో పక్కన ఉంచుకోవాలి.

ఒక ఆర్డర్ గురించో, ఫిర్యాదు గురించో నెలల తరబడి నడిచిన మెయిళ్లను ఆడిట్‌కో, ఫైలుకో ఒకే పీడీఎఫ్‌గా ఇవ్వమని అడగడం మామూలే. అడిగేవాళ్లకు అది ఐదు నిమిషాల పనిలా కనిపిస్తుంది. ప్రింట్ నొక్కి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే సరిపోతుందనుకుంటారు. అలా తయారైన ఫైలును ఆరు నెలల తర్వాత ఎవరైనా చదివితే ప్రశ్న కంటే ముందే జవాబు కనిపించవచ్చు. "జతచేసిన ఫైలు చూడండి" అని ఉన్నచోట ఏ ఫైలూ ఉండకపోవచ్చు. మెయిల్ లోపల సమాచారం ఎలా అమరి ఉంటుందో చూస్తే ఇలా ఎందుకు జరుగుతుందో అర్థమవుతుంది.

## థ్రెడ్ అనేది తెర మీది ఏర్పాటు మాత్రమే

సర్వర్‌లో "థ్రెడ్" అని ఒక ఫైలు ఉండదు. ఉండేవి విడివిడి మెయిళ్లు. ప్రతి మెయిల్ పైభాగంలో హెడర్లు ఉంటాయి. `Message-ID` ఆ మెయిల్‌కు దాదాపు పేరు లాంటిది. `In-Reply-To` అన్నది ఇది ఏ మెయిల్‌కు జవాబో చెబుతుంది. `References` పాత మెయిళ్ల పేర్లను వరుసగా మోసుకొస్తుంది. మెయిల్ ప్రోగ్రామ్ వీటిని, కొన్నిసార్లు సబ్జెక్ట్‌ను కూడా చూసి మెయిళ్లన్నీ ఒకచోట గుదిగుచ్చి చూపిస్తుంది. సబ్జెక్ట్ మారిస్తే జీమెయిల్‌లో సంభాషణ రెండుగా విడిపోతుంది. మెయిళ్లు వంద దాటినా విడిపోతుంది. కాబట్టి తెర మీద కనిపించే థ్రెడ్డే మొత్తం వ్యవహారం అనుకోవడానికి లేదు. పంపిన, వచ్చిన మెయిళ్లు రెండింట్లోనూ వెతికి జాబితా తయారు చేసుకోవాలి.

అసలు చిక్కు జవాబు రాసే అలవాటులో ఉంది. చాలామంది పైన జవాబు రాస్తారు, కింద పాత మెయిల్ అలాగే వేలాడుతూ ఉంటుంది. పది జవాబుల తర్వాత చివరి మెయిల్‌లో తోకలా పాతవన్నీ ఉంటాయి, అందుకే అదొక్కటి ప్రింట్ తీస్తే చాలనిపిస్తుంది. ఆ తోకలో వరుస తలకిందులుగా ఉండటం చిన్న లోపం. పెద్ద లోపాలు వేరే ఉన్నాయి. ఆ తోకలో ఉండేది ఒకే కొమ్మ, పక్కకు చీలిన జవాబులు అందులోకి రావు. పైగా అది మామూలు రాత. పంపేవాళ్లు అందులో ఒక వాక్యం తీసేసినా, మార్చినా ఏ గుర్తూ మిగలదు.

## ఆరు మెయిళ్లు, మూడు అటాచ్‌మెంట్లు

ఒక ఉదాహరణను చివరిదాకా నడిపిస్తే విషయం తేలికవుతుంది. ఒక కొనుగోలుదారు సంస్థ, ఒక సరఫరాదారు. ఒకరి గడియారం ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ కంటే తొమ్మిది గంటలు ముందు, అంటే `+0900`. మరొకరిది ఐదు గంటలు వెనక, అంటే `-0500`. అంటే ఇద్దరి మధ్య 14 గంటల తేడా. వాళ్ల మధ్య నడిచిన ఆరు మెయిళ్లు ఇవి:

| మెయిల్ | హెడర్‌లోని సమయం | యూటీసీలో | విషయం |
|---|---|---|---|
| 1 | 4 మార్చి 2025, 11:05 +0900 | 4 మార్చి, 02:05 | కొనుగోలుదారు ధర అడిగారు |
| 2 | 4 మార్చి 2025, 09:40 -0500 | 4 మార్చి, 14:40 | సరఫరాదారు `quotation.pdf` పంపారు |
| 3 | 5 మార్చి 2025, 12:45 +0900 | 5 మార్చి, 03:45 | పరిమాణాలు తప్పాయంటూ `quantities.xlsx` పంపారు |
| 4 | 4 మార్చి 2025, 23:30 -0500 | 5 మార్చి, 04:30 | సరిచేసిన `quotation.pdf`, పేరు మాత్రం అదే |
| 5 | 5 మార్చి 2025, 13:50 +0900 | 5 మార్చి, 04:50 | కొనుగోలుదారు సహోద్యోగి, రెండో మెయిల్‌కు జవాబుగా, డెలివరీ తేదీ అడిగారు |
| 6 | 5 మార్చి 2025, 08:10 -0500 | 5 మార్చి, 13:10 | ఐదో మెయిల్‌కు జవాబు: "జతచేసిన కొటేషన్ ప్రకారం ఆర్డర్ ఖాయం" |

ఇప్పుడు ఆరో మెయిల్ ఒక్కటే ప్రింట్ తీస్తే ఏమవుతుంది? అది ఐదో దానికి జవాబు. ఐదోది రెండో దానికి, రెండోది మొదటి దానికి. కాబట్టి తోకలో 5, 2, 1 ఉంటాయి. మూడో మెయిల్, నాలుగో మెయిల్ ఎక్కడా ఉండవు. పరిమాణాలు తప్పాయని చెప్పిన మెయిల్, సరిచేసిన కొటేషన్ వచ్చిన మెయిల్, రెండూ మాయం. చదివినవాళ్లకు తప్పు కొటేషన్ మీదే ఆర్డర్ ఖాయమైనట్టు అర్థమవుతుంది. ఎవరూ ఏదీ దాచలేదు, సహోద్యోగి పొరపాటున పాత మెయిల్‌కు జవాబిచ్చారంతే.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆరో మెయిల్ "జతచేసిన కొటేషన్" అంటోంది కానీ దానికి ఏదీ జతచేయలేదు. సాధారణంగా ఫార్వర్డ్ చేస్తే అటాచ్‌మెంట్లు వెంట వెళ్తాయి, జవాబిస్తే వెళ్లవు. ఇక్కడ కట్ట తయారుచేసేవాళ్లు చొరవ తీసుకుని "ఇది నాలుగో మెయిల్‌లోదే అయుంటుంది" అని దాన్ని ఆరో మెయిల్ వెనక పెట్టకూడదు. అది రికార్డు కాదు, ఊహ. జాబితాలో "అటాచ్‌మెంట్ లేదు" అని రాసి వదిలేయాలి. ఏ కొటేషన్ అన్నది తేల్చుకోవాల్సినవాళ్లు తేల్చుకుంటారు.

## ఎవరి గడియారం?

పై పట్టికలో రెండో గడిని మాత్రమే చూసి, కూడిక తీసివేతలు లేకుండా, కనిపించిన తేదీ, సమయాల ప్రకారం వరుస పెడితే 2, 1, 4, 6, 3, 5 అని వస్తుంది. ధర అడగకముందే కొటేషన్ వచ్చేసింది. తప్పు చెప్పకముందే సరిచేశారు, ఆర్డర్ కూడా ఖాయం చేశారు. తర్వాతెప్పుడో పరిమాణాలు తప్పాయని గుర్తొచ్చింది! ఫైళ్లకు చేత్తో పేర్లు పెట్టేటప్పుడు `+0900`, `-0500` అన్న చివరి ముక్కను వదిలేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది.

తెర మీద ఈ తప్పు కనిపించదు. మెయిల్ ప్రోగ్రామ్ అన్ని సమయాలనూ చూసేవాళ్ల గడియారంలోకి మార్చి చూపిస్తుంది కాబట్టి వరుస బాగానే ఉంటుంది. ప్రింట్ తీసినప్పుడు ఆ మార్చిన సమయం కాగితం మీదికి వస్తుంది, ఏ గడియారమో చాలాసార్లు రాదు. అదే మెయిల్‌ను వేర్వేరు దేశాల్లోని ఇద్దరు ప్రింట్ తీస్తే రెండు వేర్వేరు సమయాలు, ఒక్కోసారి వేర్వేరు తేదీలు వస్తాయి. దీనికి తోడు, తోకలో "ఫలానా రోజు, ఫలానా సమయానికి రాశారు" అనే వాక్యం జవాబిచ్చినవాళ్ల గడియారం ప్రకారం రాయబడి ఉంటుంది. అంటే ఒకే పీడీఎఫ్‌లో ఒకే మెయిల్‌కు రెండు సమయాలు కనిపిస్తాయి. తెలియనివాళ్లు దీన్ని చూసి ఫైలును మార్చారేమో అని అనుమానపడటంలో వింతేమీ లేదు.

దీనికి దారి ఒకటే. అన్నిటినీ యూటీసీలోకి మార్చి ఆ ప్రకారం వరుస పెట్టడం, అసలు హెడర్‌లోని సమయాన్ని కూడా పక్కన చూపడం. లెక్క తేలికే. `-0500` ఉంటే ఐదు గంటలు కలపాలి, `+0900` ఉంటే తొమ్మిది గంటలు తీసేయాలి. మెయిళ్లు ఎక్కువగా ఉంటే లినక్స్‌లో ఈ కమాండ్ ఆ పని చేస్తుంది:

```
date -u -d "Tue, 4 Mar 2025 23:30:00 -0500" "+%Y-%m-%d %H:%M"
```

జవాబు `2025-03-05 04:30` అని వస్తుంది. నాలుగో మెయిల్ తన చోటికి వచ్చేసింది.

`Date` హెడర్‌ను రాసేది పంపేవాళ్ల వైపు ప్రోగ్రామ్. ఆ కంప్యూటర్ గడియారం తప్పుగా ఉంటే ఈ సమయమూ తప్పే. అనుమానం వస్తే `Received` వరుసలు చూడాలి. దారిలో ఉన్న ప్రతి సర్వర్ ఒక వరుసను పైన చేరుస్తూ పోతుంది కాబట్టి వాటిని కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికంటే పైనున్నది సాధారణంగా మన సర్వర్ రాసింది, నమ్మదగినది అదే. పంపిన సమయానికీ అందిన సమయానికీ కొన్ని సెకన్ల తేడా మామూలు. గంటల తేడా ఉంటే ఆ మెయిల్ ఎక్కడో ఆగి ఉండాలి, లేదా గడియారం తప్పయి ఉండాలి. అలాంటప్పుడు రెండు సమయాలనూ జాబితాలో రాయడం మంచిది.

ఇంకో చిన్న ఉచ్చు ఉంది. మెయిళ్లను డౌన్‌లోడ్ చేశాక ఫోల్డర్‌లో ఫైలు పక్కన కనిపించే తేదీ సాధారణంగా డౌన్‌లోడ్ చేసిన తేదీ. దాని ప్రకారం వరుస పెడితే, క్లిక్ చేసిన వరుసే వస్తుంది.

## అటాచ్‌మెంట్ ఎక్కడ కూర్చోవాలి

మెయిళ్లన్నీ ముందు, అటాచ్‌మెంట్లన్నీ వెనక పెట్టే పద్ధతి చూడ్డానికి నీటుగా ఉంటుంది. కానీ మన ఉదాహరణలో రెండు ఫైళ్లకూ `quotation.pdf` అనే పేరే ఉంది. వెనక్కి తోసేస్తే ఏది పాతదో, ఏది సరిచేసిందో పేరు చెప్పదు. ఒకే ఫోల్డర్‌లోకి దించుకుంటే ఇంకా ప్రమాదం. రెండోది మొదటి దాని మీద పడి చెరిపేయవచ్చు, లేదా `quotation (1).pdf` అవుతుంది. ఆ అంకె డౌన్‌లోడ్ వరుసను చెబుతుంది తప్ప మెయిళ్ల వరుసను కాదు. అందుకే ప్రతి అటాచ్‌మెంట్‌నూ దించుకున్న వెంటనే దాని మెయిల్ నంబరుతో పేరు మార్చాలి:

```
02-0-mail.pdf
02-1-quotation.pdf
03-0-mail.pdf
03-1-quantities.pdf
04-0-mail.pdf
04-1-quotation.pdf
```

రెండంకెలు కావాలని పెట్టినవే. అక్షర క్రమంలో 10 అన్నది 2 కంటే ముందొస్తుంది, 02 అని రాస్తే ఆ గొడవ ఉండదు. మెయిళ్లు 99 దాటితే మూడంకెలు పెట్టాలి.

ఒకే పేరున్న రెండు ఫైళ్లు నిజంగా ఒకటేనా, వేరువేరా అన్నది కంటితో చూసి తేల్చనక్కర్లేదు. `sha256sum` అనే కమాండ్ (విండోస్‌లో `certutil -hashfile quotation.pdf SHA256`) ప్రతి ఫైలుకూ ఒక పొడవాటి సంఖ్య ఇస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా సంఖ్య మారిపోతుంది. రెండు సంఖ్యలూ ఒకటే అయితే ఫైలు ఒకటే. అప్పుడు రెండోసారి పేజీలు పెట్టకుండా "రెండో మెయిల్‌లోని ఫైలే" అని ఒక వాక్యం రాస్తే చాలు. పదిసార్లు ఫార్వర్డ్ అయిన థ్రెడ్లలో ఈ ఒక్క పనితో కట్ట బాగా తగ్గుతుంది.

సంతకం కింద వచ్చే కంపెనీ లోగో కూడా సాంకేతికంగా ఒక ఫైలే. `image001.png` లాంటి పేరుతో అటాచ్‌మెంట్ల వరుసలో చేరుతుంది. వాటిని విడి పేజీలుగా పెట్టకపోయినా నష్టం లేదు. కానీ అదే రకం పేరుతో మెయిల్ మధ్యలో అతికించిన స్క్రీన్‌షాట్ ఉండొచ్చు కాబట్టి ఒకసారి తెరిచి చూశాకే పక్కన పెట్టాలి.

అటాచ్‌మెంట్‌లా కనిపించి, కానివి మరికొన్ని. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటిన ఫైలు జతచేస్తే అది డ్రైవ్ లింకుగా మారి వెళ్తుంది. మెయిల్ లోపల ఫైలు ఉండదు, చిరునామా మాత్రమే ఉంటుంది. ఆ లింకు వెనకున్న ఫైలును తర్వాత మార్చవచ్చు, తీసేయవచ్చు. దాన్ని దించి కట్టలో పెడితే, ఏ రోజు దించారో రాయాలి. మెయిల్ వెళ్లిన రోజున ఉన్న ఫైలు అదేనని ఎవరూ చెప్పలేరు.

## పేజీగా మారేవి, మారలేనివి

ఉత్తరంలాంటి వర్డ్ ఫైలు, ఫొటో, స్కాన్ పేజీలుగా బాగానే మారతాయి. వర్డ్‌లో మార్పుల గుర్తులు, పక్క వ్యాఖ్యలు ఉంటే వాటిని చూపుతూ మార్చాలా, దాచి మార్చాలా అన్నది ముందే నిర్ణయించుకోవాలి. రికార్డుకైతే చూపడమే సరి.

ఎక్సెల్ దగ్గరే అందరూ ఇరుక్కుంటారు. మామూలుగా పీడీఎఫ్ చేస్తే వెడల్పాటి షీట్ ముక్కలవుతుంది. వస్తువు పేరు ఒక పేజీలో, దాని పరిమాణం నాలుగు పేజీల తర్వాత తేలుతుంది. పేజీ సెట్టింగుల్లో వెడల్పును ఒక పేజీకి సరిపెడితే కొంత మేలు. అయినా ఫార్ములాలు పోతాయి, దాచిన కాలమ్‌లు, దాచిన షీట్లు రావు. మన మూడో మెయిల్‌లోని `quantities.xlsx`లో మొత్తం ఎలా వచ్చిందన్నదే రేపటి తగాదా అయితే, పేజీ మీద కనిపించే అంకె ఏమీ తేల్చదు.

డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్ సంగతీ ఇలాంటిదే. ఆ సంతకం ఫైలులోని బైట్ల మీద లెక్కగట్టి పెట్టింది. పేజీలను తీసి వేరే కట్టలో కలిపితే అది కొత్త ఫైలు. సంతకం బొమ్మ కనిపించినా సరిచూడటం కుదరదు.

ఇలాంటివాటికి ఉపాయం పీడీఎఫ్‌లోనే ఉంది. పీడీఎఫ్ లోపల వేరే ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా దాచుకోవచ్చు. చదవడానికి పేజీలు, తరచి చూడటానికి అసలు ఫైలు, రెండూ ఒకేచోట ఉంటాయి. దీర్ఘకాలం దాచడానికి రూపొందిన పీడీఎఫ్/ఏ ప్రమాణాల్లో మొదటిది (2005) ఇలా ఫైళ్లను దాచుకోనివ్వదు. రెండోది (2011) పీడీఎఫ్/ఏ ఫైళ్లను మాత్రమే దాచుకోనిస్తుంది. మూడోది (2012) ఏ రకం ఫైలునైనా ఒప్పుకుంటుంది. కాబట్టి కార్యాలయం "పీడీఎఫ్/ఏ కావాలి" అంటే, ఎన్నోది అని అడగడం అవసరం. ఈ ఉపాయానికీ ఒక హద్దుంది. ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో తెరిస్తే లోపలి ఫైళ్ల జాడ చాలాసార్లు కనిపించదు, ప్రింట్ తీస్తే అసలు రావు. అందుకే మొదటి పేజీ జాబితాలో "అసలు ఫైలు లోపల ఉంది" అని రాయాలి.

## కట్టే విధానం

ముందు ప్రతి మెయిల్‌నూ `.eml`గా దించుకోవాలి. జీమెయిల్‌లో మెయిల్ పక్కనున్న మూడు చుక్కల మెనూలో ఆ వీలుంది, థండర్‌బర్డ్‌లో సేవ్ చేస్తే అదే రూపంలో వస్తుంది. క్లాసిక్ అవుట్‌లుక్ `.msg` ఇస్తుంది, అదీ పనికొస్తుంది. ఆ తర్వాత ఒక్కో మెయిల్‌నూ తెరిచి విడిగా పీడీఎఫ్‌కు ప్రింట్ చేయాలి.

జీమెయిల్‌లో సంభాషణ మొత్తాన్ని ఒకేసారి ప్రింట్ చేసే వీలుంది, పాతది ముందుగా వరుస కూడా సరిగానే వస్తుంది. కానీ తోకలున్నచోట `[Quoted text hidden]` అని వస్తుంది, అటాచ్‌మెంట్ల పేర్లే తప్ప లోపలి పేజీలు రావు. తోక పోతే పోనీ అనుకోవచ్చు. ఎవరైనా పాత మెయిల్ వాక్యాల మధ్యలోనే తమ జవాబులు రాసి ఉంటే మాత్రం, తోకతో పాటు ఆ జవాబులూ దాగిపోయే ప్రమాదం ఉంది. కాగితం ఎక్కువైనా సరే, ఒక్కో మెయిల్‌ను తోకతో సహా ప్రింట్ చేయడమే క్షేమం.

అన్నీ నంబర్లతో `pages` అనే ఫోల్డర్‌లో చేరాక, `qpdf` అనే ప్రోగ్రామ్‌తో కలపడం ఒక్క వరుస పని:

```
qpdf --empty --pages pages/*.pdf -- bundle.pdf
qpdf --add-attachment 03-1-quantities.xlsx -- bundle.pdf final.pdf
```

మొదటి వరుస పేర్ల క్రమంలో పేజీలను కలుపుతుంది, రెండోది అసలు ఎక్సెల్ ఫైలును లోపల దాస్తుంది. ఫలితాన్ని `pages` ఫోల్డర్ బయటే పెట్టాలి. లోపల పెడితే, రెండోసారి నడిపినప్పుడు పాత కట్ట కూడా కొత్త కట్టలో కలిసిపోతుంది. కమాండ్లు నచ్చనివాళ్లకు పీడీఎఫ్‌శామ్ లాంటి ప్రోగ్రామ్‌లు ఉన్నాయి, అవి ఒక్కో ఫైలుకు ఒక్కో బుక్‌మార్క్ కూడా పెట్టగలవు. పాస్‌వర్డ్ ఉన్న అటాచ్‌మెంట్ దగ్గర ఏ ప్రోగ్రామ్ అయినా ఆగుతుంది, దాన్ని ముందే తెరిచి చూసుకోవాలి.

`00-index.pdf` అనే మొదటి పేజీలో పై పట్టిక లాంటిదే ఉండాలి. మెయిల్ నంబరు, యూటీసీ సమయం, హెడర్ సమయం, ఎవరి నుంచి ఎవరికి, ఏ మెయిల్‌కు జవాబు, అటాచ్‌మెంట్లు, పేజీ నంబరు. "రెండో మెయిల్‌కు జవాబు" అన్న చిన్న మాటే ఐదో మెయిల్ రాసినవాళ్లు నాలుగో దాన్ని చూడలేదేమో అన్న సంగతిని బయటపెడుతుంది. కాలక్రమం ఒక్కటే దాన్ని చెప్పలేదు.

## సరిగా వచ్చిందా?

లెక్కలతో చూడాలి. మన ఉదాహరణలో ఆరు మెయిళ్లు వరుసగా 1, 1, 2, 2, 2, 3 పేజీలు అనుకుందాం, మొత్తం 11. అటాచ్‌మెంట్లు 3, 2, 3 పేజీలు, మొత్తం 8. జాబితా ఒక పేజీ. కట్టలో 20 ఉండాలి. `qpdf --show-npages final.pdf` అన్నప్పుడు 19 అని వస్తే ఎక్కడో ఒక పేజీ జారిపోయింది. 20 వచ్చినా పని అయిపోలేదు, "జతచేసిన", "attached" అనే మాటల కోసం కట్టలో వెతకాలి. ఆ మాట ఉన్న ప్రతి మెయిల్ వెనకా ఫైలు ఉండాలి, లేదా ఎందుకు లేదో జాబితాలో ఉండాలి. వెతికితే ఏ మాటా దొరకకపోతే పేజీలు బొమ్మలుగా చేరాయన్నమాట, అప్పుడు బొమ్మల్లోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ చేయాల్సిందే.

ఇంత చేసినా పీడీఎఫ్ మెయిల్‌కు ప్రతి మాత్రమే. `Received` వరుసలు, `Message-ID` ఇందులోకి రావు. పంపిన డొమైన్ సర్వర్ పెట్టే డీకేఐఎం సంతకాన్ని సరిచూడాలంటే మెయిల్ అసలు బైట్లు కావాలి, అవి `.eml`లోనే ఉంటాయి. ఆ సంతకం తాళంచెవి పంపినవాళ్ల డొమైన్ రికార్డుల్లో ఉంటుంది, దాన్ని వాళ్లు అప్పుడప్పుడూ మారుస్తారు కూడా. ఏళ్ల తర్వాత చూద్దాంలే అనుకుంటే చెవి ఉండకపోవచ్చు. అవసరం పడేలా ఉంటే కట్ట కట్టిన రోజే సరిచూసి ఫలితం రాసుకోవాలి. `.eml` ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో, అవే నంబర్లతో, వాటి SHA256 సంఖ్యల జాబితాతో కలిపి దాచాలి. అప్పుడు పీడీఎఫ్‌లో నాలుగో మెయిల్ మీద ఎవరికైనా అనుమానం వస్తే `04.eml` తెరిచి చూపించవచ్చు.